సెలవులున్నా కాదంటే పైఅధికారికి ఎలా రాయాలి?

పోర్టల్‌లో 14 సెలవులు మిగిలి ఉన్నాయి. పదిహేను రోజుల ముందు అడగాలని కంపెనీ పాలసీలో ఉంటే, ఉద్యోగి నాలుగు వారాల ముందే అడిగారు. అయినా దరఖాస్తు తిరస్కరించారు. కారణం రాయాల్సిన చోట ఒకే ఒక్క మాట: ‘రిలీజ్’.

చాలామంది ఇక్కడితో ఊరుకుంటారు. మేనేజర్‌ను దాటి పైకి వెళ్తే రేపు అప్రైజల్‌లో దెబ్బ తగులుతుందని భయం. ఆ భయం ఉత్తది కాదు. రేటింగు ఆయన చేతిలోనే ఉంటుంది, రోజూ పని చేయాల్సిందీ ఆయనతోనే. అందుకే పైకి వెళ్లాలా వద్దా అన్నదాని కంటే ఎలా వెళ్లాలన్నదే అసలు ప్రశ్న. మేనేజర్ మీద ఫిర్యాదుగా వెళ్తే అది ఇద్దరు మనుషుల గొడవ అవుతుంది. ఒక నిబంధన గురించి, ఒక తేదీ గురించి నిర్ణయం అడుగుతూ వెళ్తే ఆఫీసులో రోజూ జరిగే పనుల్లో ఒకటవుతుంది. ఈ తేడా ఉత్తరంలో ఎలా కనబడాలో తెలియడానికి ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఇందులోని మనుషులు, తేదీలు కల్పితం. పరిస్థితి మాత్రం మనవాళ్లలో ఎందరికో ఎదురయ్యేదే.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సర్వీసుల కంపెనీ. అందులో టెస్టింగ్ చేసే ఒకామె తండ్రి పోయి ఏడాది కావస్తోంది. సాంవత్సరికం పాలకొల్లులో. తిథి ప్రకారం అది జులై 15, బుధవారం వచ్చింది. ఆ వారమంతా, అంటే 13 నుంచి 17 వరకు అయిదు పనిదినాలు, ఎర్న్‌డ్ లీవ్ కావాలని జూన్ 15న పోర్టల్‌లో పెట్టారు. జూన్ 22న కాదన్న జవాబు వచ్చింది. టీమ్ చేస్తున్న పని క్లయింటుకు అందాల్సిన రోజు జులై 17, శుక్రవారం.

ఆ సాయంత్రం ఆమె చేయాల్సిన మొదటి పని మెయిల్ రాయడం కాదు, పాలసీ తెరిచి చదవడం. సెలవు మంజూరు చేసేది ఎవరు, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, ఏ కారణాల మీద కాదనవచ్చు, కాదంటే తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్న నాలుగు సంగతులు అందులో వెతకాలి. ఈమె కంపెనీ పాలసీలో ఇవి స్పష్టంగానే ఉన్నాయనుకుందాం. మేనేజర్ మూడు పనిదినాల్లో జవాబివ్వాలి. పని అవసరం వల్ల కాదంటే ఆ అవసరమేమిటో రాసి, వేరే తేదీలు సూచించాలి. అభిప్రాయభేదం వస్తే విభాగాధిపతి నిర్ణయిస్తారు. దీని ప్రకారం చూస్తే ఇక్కడ జవాబు అయిదో పనిదినాన వచ్చింది, వేరే తేదీల ఊసే లేదు. అయితే దాదాపు ప్రతి పాలసీలోనూ ఉండే మరో వాక్యం దీనిలోనూ ఉంటుంది: సెలవు మంజూరు పని అవసరాలకు లోబడి ఉంటుంది. దాన్ని చూడనట్టు దాటేసి రాసిన ఉత్తరం పైఅధికారి దగ్గర మొదటి నిమిషంలోనే వీగిపోతుంది.

ఎందుకంటే ఖాతాలో సెలవులు ఉండటం వేరు, ఫలానా రోజున వెళ్లే హక్కు వేరు. చట్టమూ ఈ రెంటినీ కలపదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ప్రైవేటు ఆఫీసులకు వర్తించే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవారికి ఆ తర్వాతి ఏడాది 15 రోజుల వేతన సెలవు ఇస్తుంది. ఆ సెలవు మీది. ఏ తేదీల్లో వాడుకోవాలన్నది మాత్రం ఆఫీసుతో మాట్లాడి తేల్చుకోవాల్సిందే. ఫ్యాక్టరీ కార్మికుల విషయంలో చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. కార్మికుడు పద్ధతి ప్రకారం అడిగిన సెలవును కాదంటే, ఆ కాదన్న రోజులు ఎన్నయినా సరే తర్వాతి ఏడాదికి బదిలీ అవుతాయని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్ కూడా కార్మికులకు ఆ రక్షణను నిలబెట్టింది. అక్కడ కూడా చట్టం కాపాడేది రోజులనే, ఆ ప్రత్యేకమైన బుధవారాన్ని కాదు. కాబట్టి ఆమె ఉత్తరం ‘నా హక్కు నాకివ్వండి’ అని మొదలైతే ఆమె చేతిలో ఉన్న బలమైన అంశం పక్కకు పోతుంది. ఆ బలం ఎక్కడుందంటే, కాదనేటప్పుడు పాటించాల్సిన పద్ధతిని ఇక్కడ పాటించలేదు. పైగా పని ఆగకుండా చూసే దారి ఒకటి ఉంది.

ఆ దారి దొరకాలంటే కాదనడం వెనక ఉన్న అసలు భయమేమిటో తెలుసుకోవాలి. సర్వీసుల కంపెనీల్లో చాలా ప్రాజెక్టులకు క్లయింటు మనిషికి ఇన్ని గంటలని లెక్కగట్టి డబ్బిస్తాడు. మనిషి సెలవులో ఉంటే ఆ గంటల బిల్లు రాదు. అంతకంటే పెద్ద భయం రిలీజ్ రోజున ఏదైనా బెడిసికొడితే క్లయింటు నిలదీసేది మేనేజర్‌నే కావడం. ఆయన ‘రిలీజ్’ అని ఒక్క మాట రాసినప్పుడు ఇవన్నీ ఆ మాటలోనే ఉన్నాయి. అవేమిటో అడిగితేనే బయటికి వస్తాయి.

అందుకని జూన్ 23న ఆమె మేనేజర్‌తో పది నిమిషాలు మాట్లాడాలి. ఎందుకు కాదన్నారని నిలదీయకుండా, “ఆ వారంలో నేను లేకపోతే ఏ పని ఆగుతుంది సర్?” అని అడగాలి. సాంవత్సరికం తేదీ తిథిని బట్టి వస్తుందని, దాన్ని తర్వాతి వారానికి జరపడం తమ చేతుల్లో లేదని కూడా అప్పుడే చెప్పాలి. ఇది మనకు చెప్పనక్కర్లేని విషయం. కానీ మేనేజర్ వేరే ప్రాంతం మనిషో, వేరే ఆచారాల వాడో అయితే, ‘ఫ్యామిలీ ఫంక్షన్’ అని రాసిన దరఖాస్తు చూసి దాన్ని వాయిదా వేసుకోదగ్గ వేడుకే అనుకుంటాడు. సెలవు కాదనడాల్లో కొన్ని ఈ ఒక్క మాటతోనే తేలిపోతాయి. కారణం చెప్పాల్సిన పని లేదని పట్టుబట్టేవారిని నేను తప్పుపట్టను. అనారోగ్యం వంటి సొంత విషయాల్లో వివరాలు దాచుకునే స్వేచ్ఛ ఉద్యోగికి ఉండాలి. తేదీ కదలదని నమ్మించాల్సి వచ్చినప్పుడు మాత్రం ఎందుకు కదలదో చెప్పకుండా నమ్మించడం కష్టం.

ఆ మాటల్లో, శుక్రవారం ఉదయం జరిగే తుది పరీక్షకు తాను తప్ప ఇంకెవరూ లేరన్నదే మేనేజర్ ఆందోళన అని తెలిసిందనుకుందాం. సోమవారం నుంచి గురువారం దాకా ఇబ్బంది లేదు, ఆ ఒక్క పూటే చిక్కు. అయినా ఆయన “చూద్దాంలే, ఇప్పుడైతే కుదరదు” అని ముగించారు. ఆ సాయంత్రమే ఆమె ఆయనకు చిన్న మెయిల్ పెట్టాలి. ఈ రోజు మనం మాట్లాడుకున్నదాని ప్రకారం 17న తుది పరీక్షే ఇబ్బంది అని అర్థమైంది, దానికి ఈ ఏర్పాటు సూచిస్తున్నాను, గురువారంలోపు మీ అభిప్రాయం చెప్పగలరా అని. నోటితో చెప్పిన ‘కుదరదు’ ఈ మెయిల్‌తో కాగితం మీదికి వస్తుంది. ఏ పోట్లాటా లేకుండా వస్తుంది. రేపు పైఅధికారి మేనేజర్‌ను పిలిచి అడిగితే ఇద్దరి మాటలూ ఒకటిగా ఉండటానికీ ఇదే ఆధారం.

గురువారం దాటింది, జవాబు లేదు. ఇప్పుడు పైకి వెళ్లవచ్చు. వెళ్లే ముందు మేనేజర్‌కు ఒక మాట చెప్పి వెళ్లాలి: “తేదీ దగ్గర పడుతోంది సర్. పాలసీలో విభాగాధిపతి నిర్ణయిస్తారని ఉంది కాబట్టి మేడమ్‌ను అడుగుదామనుకుంటున్నాను. మెయిల్‌లో మిమ్మల్నీ పెడతాను.” ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. చాలామంది ఇక్కడే వెనకాడి, మేనేజర్‌కు తెలియకుండా పైకి రాస్తారు. ఆయనకు అది గంటలో తెలుస్తుంది, ఎందుకంటే పైఅధికారి చేసే మొదటి పని ఆయనకు ఫోన్ చేసి అడగడమే. చాటుగా జరిగిందన్న బాధ ఒకసారి కలిగాక సెలవు మంజూరైనా ఆ మనిషితో సంబంధం బాగుపడటం కష్టం. ముందే చెబితే ఇంకో లాభముంది. కొందరు మేనేజర్లు ఆ మాట విన్నాక తామే మళ్లీ దరఖాస్తు తెరిచి చూస్తారు.

ఎవరికి రాయాలన్న విషయంలో ఒక్క మెట్టు మాత్రమే ఎక్కాలి. మేనేజర్ పై మేనేజర్, లేదా పాలసీ పేరుపెట్టి చెప్పిన అధికారి. హెచ్ఆర్ ప్రతినిధినీ, మేనేజర్‌నూ కాపీలో పెట్టవచ్చు. అంతకు మించి ఒక్క పేరు కూడా వద్దు. సీఈఓకు నేరుగా రాసినా ఆ ఉత్తరం దిగుతూ దిగుతూ చివరికి ఇదే విభాగాధిపతి దగ్గరికి వస్తుంది, ఈసారి చిరాకుతో కలిసి వస్తుంది. టీమ్‌లో పదిమందిని కాపీలో పెడితే మేనేజర్ తన పరువు కాపాడుకోవడానికి నిర్ణయాన్ని మార్చుకోలేని స్థితిలో పడతారు. ఆయనకు వెనక్కి తగ్గే చోటు ఉంచడం మన అవసరమే.

ఉత్తరం విషయానికి వస్తే, మన ఆఫీసుల్లో అది ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది. కానీ వాక్యాల వరుస ఏ భాషలోనైనా ఒకటే. జూన్ 29, సోమవారం ఉదయం ఆమె రాసే ఉత్తరం ఇలా ఉండవచ్చు. సబ్జెక్టు: ‘జులై 13–17 సెలవుపై మీ నిర్ణయం కోసం, జులై 3లోగా తెలిస్తే మేలు’.

> మేడమ్, నమస్కారం.
>
> జులై 13 నుంచి 17 వరకు అయిదు రోజుల ఎర్న్‌డ్ లీవ్ కోసం జూన్ 15న దరఖాస్తు చేశాను. నా ఖాతాలో 14 రోజులున్నాయి. రిలీజ్ కారణంగా జూన్ 22న అది మంజూరు కాలేదు. జులై 15న మా నాన్నగారి సాంవత్సరికం. తిథి ప్రకారం వచ్చిన తేదీ కాబట్టి మార్చుకునే వీలు లేదు.
>
> మా మేనేజర్ గారితో 23న మాట్లాడాను. 17న తుది పరీక్షకు మనిషి ఉండాలన్న ఆయన ఆందోళన సరైనదే. అందుకు రెండు మార్గాలు సూచిస్తున్నాను. ఒకటి, నా సహోద్యోగి ఆ పరీక్ష చేయడానికి ఒప్పుకున్నారు. జులై 10లోగా ఆయనతో ఒకసారి పూర్తిగా చేయించి చూపిస్తాను. రెండు, అది సరిపోదనుకుంటే సెలవును 16 వరకే తీసుకుని, 17న ఊరి నుంచే పనిచేసి తుది పరీక్ష నేనే పూర్తి చేస్తాను.
>
> పని అవసరం వల్ల సెలవు కుదరనప్పుడు వేరే తేదీలు సూచించాలని, అభిప్రాయభేదం ఉంటే మీరు నిర్ణయించాలని సెలవుల పాలసీలో ఉంది. ఆ భాగం, నా దరఖాస్తు, మేనేజర్ గారికి రాసిన మెయిల్ జతపరుస్తున్నాను. మీకు తెలియజేస్తున్నట్టు ఆయనకు ముందే చెప్పాను. జులై 3లోగా మీ నిర్ణయం తెలిపితే ఏర్పాట్లు చేసుకుంటాను.

ఇందులో ఏముందో చూడండి. అధికారి ఎవరినీ ఏమీ అడగకుండా రెండు నిమిషాల్లో నిర్ణయించడానికి కావలసినదంతా ఉంది. మేనేజర్ ఆందోళన సరైనదేనన్న వాక్యం పొగడ్త కాదు. సమస్య ఆమెకూ అర్థమైందనడానికి అదే రుజువు. రెండో మార్గం ఆమె తనంతట తాను ఒక రోజు వదులుకోవడం. అయిదు రోజుల కోసం పట్టుబట్టి అన్నీ పోగొట్టుకోవడం కంటే, బుధవారం చేజారకుండా చూసుకోవడం ముఖ్యమని ఆమె ముందే తేల్చుకున్నారు. పాలసీ ప్రస్తావన ఒక్కసారే, చివర్లో వచ్చింది. జవాబు ఆలస్యమైందన్న మాటను నేనైతే ఉత్తరంలో రాయను. జతపరచిన దరఖాస్తులో తేదీలున్నాయి, చూసేవారు చూస్తారు.

ఇందులో లేనివి కూడా ముఖ్యమే. ఫలానా వ్యక్తికి పోయిన నెల సెలవిచ్చారు కదా అన్న పోలిక లేదు. అది నిజమైనా, ఆ వ్యక్తి పరిస్థితి మీకు పూర్తిగా తెలియదు. పైగా విషయం మీ సెలవు మీద నుంచి మేనేజర్ పక్షపాతం మీదికి మళ్లుతుంది. టికెట్లు బుక్ చేశానన్న మాటా లేదు. నర్సాపురం రైలుకు 60 రోజుల ముందే బుకింగ్ మొదలవుతుంది కాబట్టి చాలామంది ముందే కొనేస్తారు. కానీ అనుమతి రాకముందు కొన్న టికెట్టును ఆఫీసు తన మీద పెట్టిన ఒత్తిడిగానే చూస్తుంది. చట్టం పేరూ లేదు. మొదటి ఉత్తరంలోనే సెక్షన్లు రాస్తే ఆ ఉత్తరం విభాగాధిపతి దగ్గర ఆగకుండా న్యాయ విభాగానికి వెళ్తుంది, అక్కడి నుంచి జులై 15లోగా తిరిగి రాదు.

జులై 2 దాకా జవాబు రాలేదనుకోండి. అదే మెయిల్ మీద రెండు వాక్యాల గుర్తుచేత చాలు. లేదా హెచ్ఆర్ ప్రతినిధిని కలిసి, ఈ విషయం ఎవరి దగ్గర ఉందో కనుక్కోవచ్చు. కొత్త ఉత్తరం మొదలుపెట్టకూడదు, మొదలుపెడితే పాత ఆధారాలన్నీ వెనకబడిపోతాయి. ఇలాంటి ఉత్తరాలకు వచ్చే జవాబు చాలాసార్లు రెండో మార్గానికి దగ్గరగా ఉంటుంది: 16 వరకు వెళ్లండి, 17న ఆన్‌లైన్‌లో ఉండండి అని. దానికి ఒప్పుకుంటే ఆ శుక్రవారాన్ని పోర్టల్‌లో సెలవుగా కాక ఊరి నుంచి పనిగా నమోదు చేయించుకోవాలి. పనిచేసిన రోజు సెలవు ఖాతాలో కోత పడటం తరచూ జరిగే పొరపాటు.

ఇంత చేసినా కాదన్నప్పుడు మనసు రెండు వైపులకు లాగుతుంది. ఏమైతే అయిందని చెప్పకుండా వెళ్లిపోవడం ఒకటి. జ్వరమని చెప్పి డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఇంకొకటి. తండ్రి సాంవత్సరికానికి వెళ్లవద్దని ఒక ఆఫీసు చెప్పగలగడమే నాకు బాధగా ఉంటుంది, ఆ మనిషి కోపాన్ని నేను పూర్తిగా అర్థం చేసుకోగలను. అయినా ఈ రెండు దారుల్లో వెళ్తే తప్పు చేతులు మారుతుంది. అనుమతి లేని గైర్హాజరు అంటే జీతం కోత, ఆపైన క్రమశిక్షణ నోటీసు. లేని జబ్బుకు సర్టిఫికెట్ పెడితే అది మోసం కిందికి వస్తుంది, ఉద్యోగానికే ఎసరు పెడుతుంది. అప్పటిదాకా నిబంధన తప్పింది ఆఫీసు. ఆ తర్వాత అందరూ మాట్లాడేది ఉద్యోగి తప్పు గురించే. దానికంటే, కనీసం బుధవారం ఒక్క రోజైనా ఇవ్వమని, లేదా జీతం లేని సెలవుగానైనా ఇవ్వమని రాతపూర్వకంగా అడగడం మేలు. ఒక్క రోజును కాదనడానికి పైఅధికారి కూడా వెనకాడతారు.

ఇరవై మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థల్లో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. ఆ కమిటీకి నిర్ణయానికి 30 రోజుల గడువుంది. రెండు వారాల్లో రాబోయే తేదీకి అది అక్కరకు రాదు. ఏడాది పొడవునా ఒకే టీమ్‌లో సెలవులు కాదంటూ ఉంటే మాత్రం అదే సరైన చోటు. అయితే కార్మికుడు అన్న నిర్వచనంలోకి మేనేజర్ స్థాయి ఉద్యోగులు రారు. ప్రసూతి సెలవు సంగతి పూర్తిగా వేరు. అర్హత ఉన్న మహిళకు అది చట్టం ఇచ్చినది, మేనేజర్ పని అవసరం చూపి కాదనడానికి వీల్లేదు. దాన్ని కాదంటే ఇంత మెత్తగా రాయాల్సిన అవసరమూ లేదు.

ప్రభుత్వోద్యోగుల లెక్క ఇంకో రకం. సెలవును హక్కుగా కోరలేరని నిబంధనల్లోనే సూటిగా రాసి ఉంది. కేంద్ర ఉద్యోగులకు 1972 సెలవు నియమాల్లో ఏడో నియమం ఇదే. ప్రజాసేవ అవసరాన్ని బట్టి అధికారి సెలవు నిరాకరించవచ్చు, ఇచ్చిన సెలవును రద్దు చేయవచ్చు. కానీ ఉద్యోగి అడిగిన సెలవు రకాన్ని, ఉద్యోగి రాతపూర్వకంగా కోరితే తప్ప, తనంతట తాను మార్చకూడదని అదే నియమం ఆ అధికారికి హద్దు గీసింది. అక్కడ పైఅధికారికి నేరుగా మెయిల్ పెట్టడం కుదరదు, తన అధికారి ద్వారానే వినతి పంపాలి. ఆయన దాన్ని బల్ల మీదే ఉంచేస్తారన్న అనుమానం ఉంటే, ఇచ్చిన వినతికి తేదీతో రసీదు తీసుకోవడమే రక్షణ.

మళ్లీ మన ఉదాహరణకు వస్తే, సెలవు రాకపోయినా, సగమే వచ్చినా ఆమెకు ఇంకో పని మిగులుతుంది. చాలా కంపెనీల్లో కొంత మించి మిగిలిన సెలవులు డిసెంబరు 31న, కొన్నిచోట్ల మార్చి 31న మురిగిపోతాయి. జులైలో కాదన్న రోజులు అప్పుడు ఆమె వాడుకోనివిగా లెక్కకు వచ్చి పోయే ప్రమాదముంది. అందుకని నిర్ణయం తెలిసిన వారంలోనే హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టాలి: ఫలానా తేదీల సెలవు నేను అడిగాను, పని అవసరం వల్ల మంజూరు కాలేదు, ఈ రోజులను వచ్చే ఏడాదికి బదిలీ చేస్తారా, లేక నగదుగా ఇస్తారా అని. దానికి వచ్చిన జవాబును, పోర్టల్‌లోని తిరస్కరణ పేజీ స్క్రీన్‌షాట్‌తో పాటు, ఆఫీసు నియమాలు ఒప్పుకునేంత వరకు తన దగ్గర ఉంచుకోవాలి. ఏడాది చివర బ్యాలెన్స్ స్టేట్‌మెంట్ వచ్చినప్పుడు ఆ రోజులు అందులో ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకోవాలి.